తప్పు బ్యాంకుది, కోసింది నా 590 రూపాయలు

చెక్కు బౌన్సయితే బ్యాంకు వేసే ఛార్జీ చిన్నదే. మా బ్యాంకులో అది 500 రూపాయలు, దానిమీద 18 శాతం జీఎస్టీ 90, వెరసి 590. తన తప్పువల్లే చెక్కు తిరిగిపోయిందని బ్యాంకుకు అర్థమయ్యాక ఆ 590 వెనక్కి రావడం కూడా మరీ కష్టమేం కాదు. మేనేజరు కాస్త మంచివాడైతే ఆ పూటే పని అయిపోతుంది. నా గొడవ అది కాదు. ఆ డబ్బు ఏ కారణం కింద వెనక్కి వచ్చిందన్నది నా గొడవ. పాత ఖాతాదారు కదా అని మేనేజరు దయతో వదిలేసిన ఛార్జీగా వచ్చిందా, బ్యాంకు పొరపాటున కోసిన డబ్బుగా వచ్చిందా? ఇది కాగితం మీద తేలకుండా 590 జేబులో వేసుకుని బయటికొస్తే, చెక్కు బౌన్సయిన మనిషిగానే మిగిలిపోతాం. నష్టం అక్కడుంది.

మాది తెనాలిలో చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. నవంబరు, డిసెంబరు వచ్చాయంటే క్యాలెండర్ల పని. కాగితం విజయవాడ డీలరు దగ్గర తెస్తాం, సరుకు దిగాక చెక్కు ఇస్తాం. ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది. పోయిన డిసెంబరులో ఆయనకు 48,500 రూపాయలకు చెక్కు రాసిచ్చాను. అప్పటికి ప్రెస్సు కరెంటు ఖాతాలో 81,300 ఉంది. మర్నాడు సాయంత్రం డీలరు ఫోన్ చేశాడు. "ఏవండీ, మీ చెక్కు తిరిగొచ్చింది. డబ్బుల్లేవని రాశారు. మీ దగ్గర ఇట్టా ఎప్పుడూ జరగలేదే" అన్నాడు. ఆయన వాట్సాప్‌లో పంపిన రిటర్న్ మెమో ఫొటో చూశాను. చెక్కు నంబరు నాదే, తేదీ ఆ రోజుదే, కారణం దగ్గర 01, అంటే ఖాతాలో తగినంత సొమ్ము లేదు. నా ఫోన్లో బ్యాంకు మెసేజీ అప్పటికే వచ్చి ఉంది, 590 కోసినట్టు.

ఖాతాలో 81,300 ఉంటే 48,500 చెక్కుకు సొమ్ము చాలకపోవడం ఏమిటి? నెట్ బ్యాంకింగ్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి ఖాతాలో ఉన్న మొత్తం నిల్వ, రెండోది మనం వాడుకోగలిగిన నిల్వ. మామూలు రోజుల్లో రెండూ ఒకటే కాబట్టి ఎవరం పట్టించుకోం. 590 కోయకముందు నా ఖాతాలో మొదటి అంకె 81,300, రెండోది 28,960. రెంటికీ తేడా సరిగ్గా 52,340. ఆ అంకె చూడగానే సంగతి అర్థమైంది. అంతకు కొద్దిరోజుల ముందు అదే శాఖలో బంగారం మీద తీసుకున్న అప్పు తీర్చేశాను. అసలు, వడ్డీ కలిపి తీర్చిన మొత్తం అదే, 52,340.

జరిగిందేమిటంటే, అప్పు తీరుస్తానని పొద్దున కాగితం ఇచ్చినప్పుడు, ఈలోగా వేరే చెక్కేదైనా వచ్చి ఆ డబ్బు ఊడ్చుకుపోకుండా కౌంటరులో ఉద్యోగి 52,340 రూపాయలకు హోల్డ్ పెట్టాడు. కొందరు దాన్నే లియన్ అంటారు. హోల్డ్ అంటే డబ్బు ఖాతాలోనే ఉంటుంది, కదలదు. మధ్యాహ్నం అప్పు ఖాతాకు 52,340 బదిలీ చేశారు, నగలు ఇచ్చేశారు, రసీదు కూడా ఇచ్చారు. హోల్డ్ తీయడం మాత్రం మరిచిపోయారు. తీర్చేసిన అప్పుకు అంతే మొత్తం రెండోసారి కట్టేసి ఉంచినట్టయింది. స్టేట్‌మెంట్‌లో హోల్డుకు వరస ఉండదు, ఎందుకంటే అక్కడ డబ్బు చేతులు మారలేదు. అందుకే స్టేట్‌మెంట్ ఎంతసేపు చూసినా తప్పు దొరకదు. రెండు నిల్వల తేడా ఒక్కటే దాన్ని పట్టిస్తుంది.

ఇక చెక్కు సంగతి. ఇప్పుడు చెక్కు కాగితం మన శాఖకు రాదు. డీలరు బ్యాంకు దాని బొమ్మ తీసి పంపుతుంది. క్లియరింగ్ పని చూసే కేంద్రంలో ఆ బొమ్మను, ఖాతాను కంప్యూటరు పోల్చుతుంది. అది చూసేది వాడుకోగలిగిన నిల్వనే. 28,960 కనబడింది, చెక్కు 48,500, తిప్పి పంపేసింది. తెనాలి శాఖలో నన్ను ఎరిగినవాళ్లెవరూ ఆ చెక్కు చూడలేదు. ఇంకో సంగతి. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కుల క్లియరింగ్ రోజంతా సాగుతోంది. పగలు వచ్చిన చెక్కులకు చెల్లించాల్సిన బ్యాంకు ఆ రోజు సాయంత్రం 7 గంటలలోపు అవుననో కాదనో చెప్పాలి. ఏదీ చెప్పకపోతే అవునన్నట్టే లెక్క. అంటే నా చెక్కు తిరిగిపోయిందంటే బ్యాంకు కాదని చెప్పి పంపిందన్న మాట. "సిస్టమ్‌లో అలా జరిగిపోయిందండీ" అనే మాట ఇక్కడ నిలవదు. ఆ సిస్టమ్‌లో హోల్డ్ పెట్టింది ఎవరు, తీయకుండా వదిలేసింది ఎవరు? రెండూ బ్యాంకు చేతులే.

మర్నాడు శాఖకు వెళ్తే మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టాడు. తెర మీద హోల్డ్ చూశాడు, అక్కడికక్కడే తీయించాడు. "పొరపాటైందండీ. మీరు పాత పార్టీ కదా, ఆ ఛార్జీ వెయ్యకుండా చూస్తాను. ఒక లెటరు రాసివ్వండి, దయచేసి ఛార్జీ మినహాయించగలరు అని" అన్నాడు. తెల్లకాగితం కూడా తీసి ఇచ్చాడు.

నేను ఆ మాట రాయనన్నాను. ఆయనకు కాస్త నొచ్చినట్టుంది. మంచికి పోతే వీడేమిటి ఇలా అన్నట్టు చూశాడు. ఎందుకు రాయలేదో ఇక్కడ వివరంగా చెప్తాను, ఎందుకంటే చాలామంది దగ్గర ఇలాంటి కాగితమే రాయించుకుంటారు.

మినహాయించమని రాశామంటే ఛార్జీ సరైనదే, పడాల్సిందే, అయినా దయతలచమని మనమే ఒప్పుకుని సంతకం పెట్టినట్టు. ఆ కాగితం ఖాతా ఫైల్లో ఉంటుంది. రేపు డీలరు నామీద చెక్కు బౌన్స్ కేసు వేసినా, నేను బ్యాంకును నష్టపరిహారం అడిగినా, బ్యాంకు చూపించేది దాన్నే. ఖాతాలో డబ్బులేక చెక్కు తిరిగింది, ఖాతాదారు బతిమాలాడు, మేం కరుణించాం. జరిగింది ఇదా?

డీలరు చేతిలో ఉన్న మెమో సంగతి ఆలోచించండి. సొమ్ము చాలదన్న కారణంతో చెక్కు తిరిగితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది నేరం అవుతుంది. మెమో అందిన 30 రోజుల్లోగా ఆయన నాకు నోటీసు ఇవ్వచ్చు. నోటీసు అందాక 15 రోజుల్లో నేను కట్టకపోతే కోర్టుకెళ్లచ్చు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా పడే సెక్షన్ అది. మా డీలరు అంతదూరం వెళ్లే మనిషి కాదు. కానీ ఆయన స్థానంలో కొత్తవాడు, పడనివాడు ఉంటే? నిజంగా డబ్బుందని రుజువు చేసుకోవాల్సిన బరువు నామీద పడేది. 590 వెనక్కి వచ్చిన స్టేట్‌మెంట్ వరస ఆ రుజువు కాదు. ఛార్జీ ఎందుకు తిప్పారో అందులో ఉండదు.

రేపు ప్రెస్సుకు కొత్త మిషను కోసం లోనుకు వెళ్తే, ఆ బ్యాంకువాళ్లు ఏడాది స్టేట్‌మెంట్ అడుగుతారు. అందులో వాళ్లు మొదట వెతికేవాటిలో చెక్కు రిటర్నులు ఒకటి. `CHQ RETURN CHGS` అని ఒక వరస, కిందెక్కడో 500 జమ అని ఇంకో వరస. చూసేవాడికి అర్థమయ్యేది ఏమిటి? బౌన్సయింది, బతిమాలి ఛార్జీ తీయించుకున్నాడు. మొదటి వరస ఎప్పటికీ చెరగదు. దాని పక్కన పెట్టడానికి బ్యాంకు ఇచ్చిన కాగితం ఉంటేనే దానికి జవాబు.

అన్నిటికన్నా ముందు, డీలరు మొహం. నెలల అరువు మీద నడిచే వ్యాపారం మాది. చెక్కు తిరిగిందన్న మాట ఒకసారి వినబడితే తరవాతి లోడుకు ముందే డబ్బు పంపమంటారు. ఆయనా అలాగే అడిగాడు, మొహమాటపడుతూనే. క్యాలెండర్ల సీజన్లో అది నాకు 590 కన్నా చాలా ఎక్కువ ఖరీదు.

సరే, మినహాయింపు కాదంటే మరేమని అడగాలి, ఏ ఆధారం మీద? రెండే రెండు ఆధారాలు చాలు. మొదటిది రిజర్వ్ బ్యాంకు 2013 మే 7న అన్ని బ్యాంకులకు పంపిన సర్క్యులర్. ఖాతాదారుల తప్పు లేకపోయినా బ్యాంకులు చెక్కు రిటర్న్ ఛార్జీలు వేస్తున్నాయని తమ దృష్టికి వచ్చిందని అందులో రాసి, ఆ ఛార్జీ ఖాతాదారు తప్పు ఉండి, ఆ రిటర్నుకు అతనే బాధ్యుడైనప్పుడు మాత్రమే వేయాలని తేల్చి చెప్పింది. దానికి ఒక పట్టిక కూడా జతచేసింది, ఖాతాదారు తప్పు కాని కారణాలివి అని. బొమ్మ స్పష్టంగా లేదు, కాగితం అందలేదు, క్లియరింగ్ ముద్ర రద్దు కాలేదు, కనెక్షన్ పోయింది, ఇలాంటివి అందులో ఉంటాయి.

ఇక్కడే బ్యాంకు వాళ్లు పట్టుకునే మెలిక ఒకటుంది. మా శాఖలో ఆఫీసరు ఒకాయన ఆ పట్టిక తెరిచి చూసి, "మీది 01 కదండీ, సొమ్ము చాలకపోవడం. అది ఈ లిస్టులో లేదు" అన్నాడు. నిజమే, లేదు. కానీ ఆ పట్టిక ఉదాహరణలకు ఇచ్చిందే తప్ప సంపూర్ణం కాదని సర్క్యులరే చెప్తోంది. అసలు నియమం పట్టికలో లేదు, దానికి ముందున్న వాక్యంలో ఉంది. తప్పెవరిది అన్నదే ప్రశ్న. మెమో మీద ఏ నంబరు పడిందన్నది కాదు. తప్పు కారణం పడటమే బ్యాంకు తప్పయినప్పుడు, ఆ తప్పు కారణాన్నే చూపించి ఛార్జీ నిలబెట్టుకోవడం ఏం న్యాయం?

రెండోది అదే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 31వ సెక్షన్. 138 గురించి అందరూ వింటారు, 31 గురించి ఎవరూ మాట్లాడరు. చెక్కు రాసినవాడి డబ్బు, ఆ చెక్కుకు చెల్లించదగ్గది, బ్యాంకు దగ్గర సరిపడా ఉన్నప్పుడు బ్యాంకు ఆ చెక్కు చెల్లించి తీరాలి, చెల్లించకపోతే దానివల్ల రాసినవాడికి కలిగిన నష్టాన్ని భర్తీ చెయ్యాలి. సెక్షన్ సారాంశం ఇంతే. గమనించండి, ఇక్కడ బ్యాంకు బాధ్యత చెక్కు రాసినవాడికి, పుచ్చుకున్నవాడికి కాదు. అంటే అడగాల్సింది నేనే, డీలరు కాదు. డీలరుకు ఆయన బ్యాంకు కోసిన ఛార్జీ కూడా నేనే అడగాలి. ఆయన ఖాతాలో 150, జీఎస్టీ 27, మొత్తం 177 కోశారు. ఆయన బ్యాంకు తప్పేమీ లేదు, వాళ్లు చెక్కు పంపారు, వెనక్కి వచ్చింది, ఛార్జీ వేశారు. ఆ 177 నేను ముందు డీలరుకు ఇచ్చేశాను, ఆయన స్టేట్‌మెంట్‌లో ఆ వరస ఉన్న పేజీ తీసుకున్నాను, నా నష్టం కింద మా బ్యాంకును అడిగాను. "వేరే బ్యాంకు ఛార్జీ మేమెలా ఇస్తామండీ" అన్నారు. మీ తప్పువల్ల నా జేబులోంచి పోయింది కాబట్టి ఇస్తారు, అన్నాను.

కాగితం మీద నేను రాసింది దాదాపుగా ఇది. ఎవరికైనా పనికొస్తుందని ఉన్నదున్నట్టు పెడుతున్నాను:

"నా కరెంటు ఖాతా మీద ఇచ్చిన 48,500 రూపాయల చెక్కును సొమ్ము చాలదన్న కారణంతో (01) మీ బ్యాంకు తిప్పి పంపింది. ఆ సమయానికి ఖాతాలో నిల్వ 81,300. నా బంగారం అప్పు తీరి, 52,340 బదిలీ అయి, రసీదు ఇచ్చిన తరవాత కూడా అదే మొత్తానికి పెట్టిన హోల్డ్ తీయకపోవడం వల్ల ఇది జరిగింది. ఇది బ్యాంకు పొరపాటు. కాబట్టి, పొరపాటున తీసిన 590 రూపాయలను జీఎస్టీతో సహా, తీసిన తేదీ నుంచే అమలయ్యేలా తిరిగి జమ చేయండి. చెక్కు పుచ్చుకున్నవారికి వారి బ్యాంకు వేసిన 177 రూపాయలు నాకు నష్టపరిహారంగా ఇవ్వండి. హోల్డ్ ఏ తేదీన, ఏ కారణంతో పెట్టారో, ఏ తేదీన తీశారో తెలపండి. చెక్కు తిరిగిన రోజున ఖాతాలో తగినంత సొమ్ము ఉందని, బ్యాంకు పొరపాటువల్లే చెక్కు తిరిగిందని లిఖితపూర్వకంగా ఇవ్వండి."

మినహాయింపు, దయ, విన్నపం అన్న మాటలు ఎక్కడా లేవు. మర్యాద తగ్గనక్కర్లేదు, మేనేజరు గారికి అనే మొదలుపెట్టాను. మెమో నకలు, ఆ వారం స్టేట్‌మెంట్, అప్పు తీర్చిన రసీదు, రెండు నిల్వలూ కనబడే నెట్ బ్యాంకింగ్ తెర ఫొటో జతచేశాను. ఆ తెర ఫొటో ముఖ్యం. హోల్డ్ తీసేసిన మరుక్షణం రెండంకెలూ ఒకటైపోతాయి, మన చేతిలో ఆనవాలు మిగలదు. శాఖకు వెళ్లే ముందే తీసి ఉంచుకోవాలి. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకున్నాను. నోటితో చెప్పిన ఫిర్యాదుకు తేదీ ఉండదు, తరవాత ఎక్కడికెళ్లినా మొదట అడిగేది ఆ తేదీనే.

తీసిన తేదీ నుంచే అమలయ్యేలా అని ఎందుకు రాశానంటే, కరెంటు ఖాతాకు వడ్డీ రాదు గానీ నెలవారీ సగటు నిల్వ లెక్క ఉంటుంది. అంచు మీదున్న ఖాతాల్లో ఈ కోత వల్లే నిల్వ తగ్గి, దానికి మళ్లీ జరిమానా పడుతుంది. పొరపాటు డెబిట్ పెట్టిన బ్యాంకు దాన్ని వెనక తేదీతో సరిచేయాలని, దానివల్ల కనీస నిల్వ తగ్గి పడిన నష్టం కూడా భరించాలని చాలా బ్యాంకుల పరిహార విధానంలోనే ఉంటుంది. బయటివాళ్ల ప్రమేయం లేని పొరపాటైతే 7 పనిదినాల్లో విచారణ పూర్తిచేస్తామని కూడా అందులో రాసుకుంటారు. బ్యాంకు వెబ్‌సైటులో కాంపన్సేషన్ పాలసీ అని వెతికితే దొరుకుతుంది. మీ బ్యాంకుది తీసి ఆ పేరా నంబరు ఉత్తరంలో వేయండి. రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ చూపిస్తే నసిగిన ఆఫీసరు తమ బ్యాంకు కాగితమే చూపించేసరికి నెమ్మదించాడు.

జీఎస్టీ దగ్గర ఇంకో చిక్కుంది. నాకు మొదట వెనక్కి వచ్చింది 500 మాత్రమే. "ట్యాక్సు గవర్నమెంటుకు కట్టేశాం, అది రాదండీ" అన్నారు. ఇది సరికాదు. వేయకూడని ఛార్జీ వేసినప్పుడు దానిమీద వసూలు చేసిన పన్నుకు బ్యాంకు క్రెడిట్ నోటు, అంటే వేసిన బిల్లును తగ్గించే కాగితం, ఇచ్చి, తన పన్ను లెక్కలో తగ్గించుకోవచ్చు. జీఎస్టీ చట్టం 34వ సెక్షన్ ఆ వీలు ఇస్తోంది. దానికి గడువు మాత్రం ఉంది, ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దాకా. బ్యాంకు అంతకుముందే వార్షిక రిటర్ను వేసేస్తే ఆ తేదీ వరకే. నా సంగతి డిసెంబరుది కాబట్టి బోలెడు సమయం ఉంది. మీరు రెండేళ్ల కిందటి ఛార్జీ కోసం ఇప్పుడు వెళ్తే బ్యాంకు ఆ పన్ను తగ్గించుకోలేదు, అప్పుడు వాళ్లు 90 ఇవ్వాలంటే తమ జేబులోంచి ఇవ్వాలి. అందుకే నసుగుతారు. ఈ పని నాన్చకూడదనడానికి అదొక కారణం. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారస్తులు ఆ 90కి ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే, క్రెడిట్ నోటు వచ్చాక దాన్ని తిరగరాసుకోవాలి కూడా.

ఇక అసలు చెక్కు. డీలరుకు వెంటనే ఆన్‌లైనులో డబ్బు పంపేసి చెక్కు వెనక్కి తీసుకోవడం ఒక దారి. ఆయన తొందరపడుతుంటే అదే చేయాలి, చెక్కు కాగితం మాత్రం తప్పకుండా చేతికి తెచ్చుకోవాలి. నేను వేరే దారి పట్టాను. హోల్డ్ తీశారని తెర మీద చూశాక, ఖాతాలో కొత్తగా ఒక్క రూపాయి కూడా వేయకుండా, అదే చెక్కును మళ్లీ వేయమని డీలరును బతిమాలాను. చెక్కు తేదీ నుంచి మూడు నెలలు చెల్లుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ చెక్కు పాసయింది. ఇప్పుడు స్టేట్‌మెంట్ చూస్తే అదే నంబరు చెక్కు ఒకరోజు డబ్బుల్లేవని తిరిగింది, కొద్దిరోజులకు మధ్యలో ఏ జమా లేకుండానే చెల్లింది. మొదటిరోజున కూడా డబ్బు ఉందనడానికి దీన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది? బ్యాంకు ఒప్పుకోకపోయినా ఆ పేజీ ఒప్పుకుంటుంది. హోల్డ్ తీయకముందే తొందరపడి మళ్లీ వేయిస్తే మాత్రం రెండో రిటర్ను, రెండో 590 పడతాయి.

తిరిగిన ప్రతి చెక్కుకూ ఇలా వాదించడం కుదరదు, అది కూడా చెప్పాలి. హోల్డ్ కనబడగానే బ్యాంకు మీద ఎగబడకుండా ముందు అది ఎవరు పెట్టించారో అడగండి. ఈమధ్య యూపీఐలో ఎవరో పంపిన మోసపు డబ్బు జాడ పట్టుకుని సైబర్ పోలీసులు ఖాతాల్లో సొమ్ము ఆపించడం చూస్తున్నాం. పన్ను శాఖ నోటీసు మీద ఆపడం ఉంది. అక్కడ బ్యాంకు చేసింది ఆదేశం పాటించడమే. ఆ డబ్బు అప్పటికి చెల్లించదగ్గ సొమ్ము కాదు కాబట్టి 31వ సెక్షనూ పనిచేయదు, పోరాటం ఆ ఆదేశం ఇచ్చినవాళ్లతో. అదే బ్యాంకులో క్రెడిట్ కార్డు బాకీ ఉండి, ఒప్పందం ప్రకారం హోల్డ్ పెట్టి ఉంటే అప్పుడూ వాదన బలహీనమే, కనీసం ముందు చెప్పారా లేదా అన్నది మాత్రం అడగచ్చు. ఖాతాలో వేసిన వేరే చెక్కు ఇంకా పాసవకముందే దాన్ని నమ్ముకుని చెక్కు రాస్తే అది మన తప్పే. సంతకం తేడా ఉందని తిరిగితే, బ్యాంకులో ఉన్న నమూనా సంతకం ఏదో అడిగి చూడాలి. మీరు కొత్త సంతకం నమోదుకు ఇచ్చి, రసీదు ఉండి, వాళ్లు ఎక్కించకపోతే తప్పు వాళ్లది. మీ చెయ్యి తిరిగిన తీరు మారితే మీది.

నా ఉత్తరానికి శాఖ నుంచి 500 వచ్చింది, మిగతా వాటికి జవాబు లేదు. ఆ ముద్ర ఉన్న ప్రతిని జతచేసి బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో నమోదు చేశాను, తరవాత ప్రాంతీయ కార్యాలయంలో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి పంపాను. నోడల్ అధికారి పేరు, చిరునామా ప్రతి శాఖ గోడ మీదా ఉంటాయి. బ్యాంకు మొదట ఫిర్యాదు అందుకున్నాక 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లచ్చు. cms.rbi.org.in లో ఉచితంగా వేయచ్చు, వకీలు అక్కర్లేదు. బ్యాంకుకు రాయకుండా నేరుగా అక్కడికి పోతే మాత్రం తిప్పేస్తారు. పెద్ద బ్యాంకులు ఒక ఫిర్యాదును పూర్తిగానో కొంతగానో తోసిపుచ్చేముందు తమలోనే ఉండే అంతర్గత అంబుడ్స్‌మన్‌కు చూపించాలన్న నియమం ఉంది. ఖాతాదారు ఆయన దగ్గరికి నేరుగా వెళ్లలేడు, కానీ కాదని జవాబు వస్తే, ఇది అంతర్గత అంబుడ్స్‌మన్ చూశారా అని ఒక ముక్క రాసి అడగచ్చు. నోడల్ అధికారికి రాసిన ఉత్తరం చివర నేను ఆ మాటే అడిగాను.

90 రూపాయలు క్రెడిట్ నోటు నంబరుతో సహా జమయ్యాయి. 177 కూడా వచ్చింది, "ఖాతాదారు సంతృప్తి కోసం" అని రాసి. ఆ మాట ఒప్పుకోనని మళ్లీ రాశాను. చివరికి బ్యాంకు కాగితం మీద, అధికారి సంతకంతో, చెక్కు సమర్పించిన రోజున ఖాతాలో తగిన సొమ్ము ఉందని, మా శాఖలో హోల్డ్ తొలగించకపోవడం వల్ల చెక్కు పొరపాటున తిరిగిందని రెండు వాక్యాలు వచ్చాయి. హోల్డ్ పెట్టిన తేదీ, తీసిన తేదీ కూడా ఇచ్చారు.

ఆ కాగితం నకలు డీలరుకు ఇచ్చాను. ఆయన అది తన ఫైల్లో ఆ మెమోకు పిన్ను కొట్టి పెట్టుకున్నాడు, అరువు మళ్లీ మొదలుపెట్టాడు. కానీ ఒక మాట అడగాలనిపిస్తుంది. నా చెక్కు చెల్లదని డీలరు బ్యాంకుకు చెప్పింది మా బ్యాంకు, ఆ రోజు సాయంత్రం లోపే. ఆ మాట తప్పని తేలాక, నా సంగతిలో, డీలరు బ్యాంకుకు గానీ డీలరుకు గానీ ఎవరూ ఏమీ చెప్పలేదు. నకలు తీయించి, విజయవాడ బస్సెక్కి ఇచ్చి వచ్చింది నేను. తప్పు మెమో పంపిన బ్యాంకు, దాన్ని సరిచేస్తూ ఇంకో మెమో అదే దారిలో పంపాలని రిజర్వ్ బ్యాంకు ఎందుకు శాసించకూడదు? ఈ ప్రశ్నే నోడల్ అధికారికి రాశాను, నకలు రిజర్వ్ బ్యాంకుకు కూడా పంపాను. ఇంకా జవాబు రాలేదు.